సెల్లార్‌లో పిల్లర్ పక్కన ఆటో పార్కింగ్: ఏ వేరియంట్ తీసుకోవాలి, స్టీరింగ్ వదిలేశాక మన పని ఏమిటి

మా బాబాయ్ వాళ్ల అపార్ట్‌మెంట్ బెజవాడ పటమటలో. సెల్లార్‌లో ఆయన స్లాట్‌కి ఒకవైపు పిల్లర్, రెండోవైపు లిఫ్ట్ గోడ. పాత చిన్న కారుని పదకొండేళ్లు అక్కడే పెట్టుకున్నారు కాబట్టి ఇబ్బంది తెలియలేదు. ఈసారి పెద్ద బండి కొందామనుకున్నారు. షోరూమ్ నుంచే నాకు ఫోన్ చేశారు. "ఏరా, బటన్ నొక్కితే బండి అదే వెళ్లి స్లాట్‌లో నిలబడుతుందట. దానికోసం పై వేరియంట్‌కి వెళ్లాలా, 360 కెమెరా ఉంటే సరిపోతుందా?"

నేను ఆటోనగర్‌లో కార్ల ఎలక్ట్రికల్ పని చేస్తాను. బంపర్లు విప్పి సెన్సర్లు మార్చడం, కెమెరాలు సరిచేయడం రోజూ ఉండే పనే. "బండి సంగతి తర్వాత బాబాయ్, ముందు టేపు పట్టుకుని సెల్లార్‌లోకి దిగండి. స్లాట్ వెడల్పు ఎంత, ముందున్న దారి ఎంత, అది చెప్పండి" అన్నాను. ఈ విషయంలో ఎవరు అడిగినా నేను చెప్పేది ఇదే. ఏ సిస్టమ్ మంచిదో బ్రోషర్ చూసి తేల్చలేం, మీరు బండి పెట్టే చోటు చూసి తేల్చుకోవాలి.

మార్కెట్లో దొరికేవి మూడు రకాలు. మొదటిది ముందూ వెనకా సెన్సర్లు, 360 కెమెరా. ఇందులో చుట్టూ ఏముందో బండి మనకు చూపిస్తుంది, తిప్పేది మనమే. వెనక సెన్సర్లు 2019 జులై నుంచి మన దేశంలో కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి కాబట్టి అవి ఎలాగూ ఉంటాయి. రెండోది స్టీరింగ్ మాత్రమే తిప్పే పార్క్ అసిస్ట్. గేర్, బ్రేక్, యాక్సిలరేటర్ మన చేతుల్లో, కాళ్ల కింద ఉంటాయి. మూడోది స్టీరింగ్, గేర్, బ్రేక్ అన్నీ తానే చూసుకునేది. అందులో కొన్నిటికి మనం కిందికి దిగి, బయట నిలబడి తాళంతోనో ఫోన్‌తోనో పార్క్ చేయించే రిమోట్ సదుపాయం కూడా ఉంటుంది. ఇక్కడ ఎంజీ గ్లోస్టర్ 2020లో ఆటో పార్క్‌తో వచ్చింది. మహీంద్రా బీఈ 6, ఎక్స్‌ఈవీ 9ఈ పై వేరియంట్లలో బయట నుంచి చేయించే పద్ధతి కూడా ఉంది. పేరు ఒకటే అయినా ఏ వేరియంట్‌లో ఏది ఉందో మారిపోతుంటుంది, అది షోరూమ్‌లో అడిగి తేల్చుకోవాల్సిందే.

బండికి ఖాళీ ఎలా తెలుస్తుంది

ఆటో పార్కింగ్ ఉన్న బండి బంపర్ దగ్గర కూర్చుని చూస్తే రూపాయి బిళ్లంత గుండ్రటి ముక్కలు కనిపిస్తాయి. మామూలుగా ముందు ఆరు, వెనక ఆరు, మొత్తం పన్నెండు. వాటిలో నాలుగు బంపర్ మూలల్లో పక్కకి చూస్తూ ఉంటాయి. ఖాళీ వెతికేది ముఖ్యంగా ముందు మూలల్లో ఉన్న ఆ రెండే. హ్యాండ్‌బ్రేక్ వేసి, ఒకరిని లోపల బ్రేక్ తొక్కి ఉంచమని రివర్స్ గేర్ వేయించి, వెనక సెన్సర్‌కి చెవి దగ్గరగా పెడితే టిక్ టిక్ మని సన్నటి చప్పుడు వినిపిస్తుంది. సెన్సర్ బతికే ఉందా లేదా అని మేం మొదట చూసుకునేది ఇలాగే.

ఆ ముక్క లోపల సన్నటి అల్యూమినియం రేకు ఉంటుంది. అది మన చెవికి అందనంత వేగంగా, సెకనుకు దాదాపు 40 వేల నుంచి 58 వేల సార్లు కంపిస్తూ ఒక చిన్న శబ్దాన్ని వదిలి, ప్రతిధ్వని కోసం ఎదురుచూస్తుంది. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు వెళ్తుంది. గోడ ఒక మీటరు దూరంలో ఉంటే పోయి రావడానికి ఆరు మిల్లీసెకన్లు కూడా పట్టదు. ఆ సమయాన్ని బట్టి దూరం కడతారు. ఆ 343 అన్నది 20 డిగ్రీల దగ్గరి లెక్క. మన బెజవాడ మే నెలలో 45 డిగ్రీలకి అది 358 దాకా పోతుంది, అంటే మీటరుకి నాలుగు సెంటీమీటర్ల తేడా. అందుకని బయటి ఉష్ణోగ్రత చూసుకుని లెక్క సరిచేసే ఏర్పాటు బండిలోనే ఉంటుంది. ఎండల గురించి టెన్షన్ అక్కర్లేదు.

బటన్ నొక్కి స్లాట్ల పక్క నుంచి నెమ్మదిగా, మీటరు దూరంలో పోతుంటే మూల సెన్సర్ పక్క కారు దాకా ఉన్న దూరాన్ని కొలుస్తూ ఉంటుంది. కారు ఉన్నంతసేపూ మీటరు అని చూపి, ఒక్కసారిగా నాలుగైదు మీటర్లకి పోయి, మళ్లీ మీటరుకి వస్తే మధ్యలో ఉన్నది ఖాళీ. ఆ ఖాళీ ఎంత పొడవో తెలియాలంటే బండి ఈలోగా ఎంత దూరం నడిచిందో తెలియాలి. అది చక్రాల దగ్గరున్న ఏబీఎస్ సెన్సర్లు చెబుతాయి. చక్రం తిరిగిన కొద్దీ అవి లెక్కపెట్టుకుంటూ పోతాయి, ఒక్కో లెక్క రెండు మూడు సెంటీమీటర్ల నడక. రోడ్డు పక్కన వరసలో పెట్టాలంటే ఖాళీ మన బండి పొడవు కంటే కనీసం 80 సెంటీమీటర్ల నుంచి మీటరు దాకా ఎక్కువ ఉండాలి. అంతకంటే తక్కువ ఉంటే స్క్రీన్ మీద స్లాట్ రాదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. కేవలం సెన్సర్లతో నడిచే సిస్టమ్‌కి గీతలు కనబడవు. దానికి ఖాళీ అంటే రెండు వస్తువుల మధ్య దూరం. పక్కన కారు లేకపోతే ఖాళీ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో దానికి తెలియదు. కెమెరాలు కూడా కలిపి వాడే సిస్టమ్ నేల మీద గీతలు చూసి స్లాట్ గుర్తుపడుతుంది. కానీ గీతలు ఉండాలి, కనబడాలి.

స్టీరింగ్ ఎలా తిరుగుతుంది

ఇప్పటి కార్లలో చాలావాటికి పవర్ స్టీరింగ్ మోటారుతోనే. మనం తిప్పితే సాయం చేసే ఆ మోటారుకే కంప్యూటర్ ఆజ్ఞ ఇస్తే అదే తిప్పుతుంది. ఎంత తిరిగిందో చెప్పడానికి స్టీరింగ్ యాంగిల్ సెన్సర్ ఉంటుంది. ఆటో పార్కింగ్ కోసం కొత్తగా పెట్టే యంత్రం దాదాపు ఏమీ లేదు, ఉన్నవాటిని కలిపి వాడుకోవడమే. 2003లో జపాన్‌లో టయోటా ప్రియస్ ఇలా స్టీరింగ్ తిప్పుకుంటూ పార్క్ అయ్యే కారుగా వచ్చింది. అప్పుడు కూడా స్పీడు చూసుకోవాల్సింది డ్రైవరే.

కంప్యూటర్ దృష్టిలో బండి అంటే వెనక యాక్సిల్ మధ్యలో ఉన్న ఒక చుక్క. రివర్స్‌లో ఆ చుక్క ఏ గీత మీద పోవాలో ముందే గీసుకుంటుంది. రోడ్డు పక్కన వరసలో పెట్టేటప్పుడు ఆ గీత రెండు వంపులు, ఒకటి లోపలికి, ఇంకొకటి ఎదురు తిప్పి సరిచేయడానికి. సెల్లార్ స్లాట్‌లోకి అయితే ఒక పెద్ద వంపు, ఆ తర్వాత తిన్నగా వెనక్కి. మనలో చాలామంది చేసేది కూడా అదే. తేడా ఎక్కడంటే, ఎప్పుడు తిప్పాలో మనం కంటి అంచనా మీద తేల్చుకుంటాం, అది సెంటీమీటర్లలో తేల్చుకుంటుంది.

అయితే ఆ వంపు ఎంత చిన్నదిగా ఉండగలదో బండి నిర్మాణమే నిర్ణయిస్తుంది, సాఫ్ట్‌వేర్ కాదు. బాబాయ్ చూసిన కారునే లెక్కకి తీసుకుందాం. పొడవు 4.4 మీటర్లు, వెడల్పు 1.9, ముందు చక్రం నుంచి వెనక చక్రానికి 2.75. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే బయటి ముందు చక్రం 5.3 మీటర్ల వ్యాసార్ధంతో తిరుగుతుంది. అప్పుడు వెనక యాక్సిల్ మధ్య చుక్క 3.7 మీటర్ల వ్యాసార్ధంలో ఉంటుంది. కానీ ముందు బంపర్ బయటి మూల దాదాపు 5.9 మీటర్లలో తిరుగుతుంది. వెనక భాగం స్లాట్‌లోకి చక్కగా దూరుతుంటే ముందు మూల దారికి అవతలి వైపు ఊగుతూ పోతుందన్నమాట.

బాబాయ్ టేపుతో కొలిచి చెప్పిన లెక్కలు ఇవి. పిల్లర్‌కీ గోడకీ మధ్య 2.7 మీటర్లు. ముందు దారి, అవతలి వరసలో పెట్టిన బండ్ల దాకా 4.8 మీటర్లు. నేను కాగితం మీద గీసి చూశాను. లోపలి పిల్లర్‌కి 30 సెంటీమీటర్లు వదిలి, ఒకే వంపులో ఈ బండి ఆ స్లాట్‌లోకి పోవాలంటే స్లాట్ అంచు నుంచి ముందు మూల 5.2 మీటర్ల దాకా ఊగుతుంది. అవతలి వైపు కూడా 30 సెంటీమీటర్లు వదలాలి కదా, అంటే 5.5 మీటర్ల దారి కావాలి. ఉన్నది 4.8. ఎంత గొప్ప సిస్టమ్ అయినా ఒక్క వంపులో పోదు. కొంచెం వెనక్కి పోయి, ముందుకొచ్చి సరిచేసుకుని, మళ్లీ వెనక్కి వెళ్లాలి. ఆ ముందుకీ వెనక్కీ అన్నదే మూడు రకాల మధ్య అసలు తేడా బయటపెడుతుంది.

స్టీరింగ్ మాత్రమే తిప్పే రకంలో ప్రతిసారీ "ఆగండి, డి వేయండి, ముందుకు పోనివ్వండి, ఆగండి, ఆర్ వేయండి" అని స్క్రీన్ చెబుతుంది, మనం చేయాలి. ఒకసారి అయితే సరదాగా ఉంటుంది. నాలుగుసార్లయ్యేసరికి, స్క్రీన్ చూస్తూ అద్దాలు చూస్తూ బ్రేక్ మీద కాలు పెట్టి, మనమే తిప్పుకుంటే ఇంతకంటే తొందరగా అయ్యేదనిపిస్తుంది. అన్నీ తానే చేసే రకం మాత్రం ఈ నాలుగు కదలికలూ తనంతట తానే, ఒకే నిదానంతో చేసేస్తుంది. అందుకే నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మన ఇరుకు సెల్లార్లలో స్టీరింగ్ మాత్రమే తిప్పే సిస్టమ్ కోసం అదనంగా డబ్బు పెట్టడం దండగ. మీకు కావాల్సిన వేరియంట్‌లో ఎలాగూ వస్తుంటే రానివ్వండి, అంతే. దారి ఐదున్నర మీటర్లకి పైన ఉండి, వరసలో కార్లు నిండుగా ఉండే ఆఫీసు పార్కింగ్ లాంటి చోట అయితే అది నిజంగా బాగా పనిచేస్తుంది. అలాంటి చోటు మీకు రోజూ ఉంటే సంగతి వేరు.

దానికి కనబడనివి

సూర్యారావుపేటలో ఒక సందు. ఒక పెద్దాయన స్టీరింగ్ తిప్పుకునే కారుతో రెండు కార్ల మధ్య ఖాళీలో పెట్టబోయారు. బండి ఖాళీ సరిగ్గానే కనిపెట్టింది, వంపు సరిగ్గానే తీసుకుంది, వెనక ఎడమ చక్రం సరాసరి మురుగు కాలువలో దిగింది. ఆ కాలువ మీద రెండు పలకలు విరిగి ఉన్నాయి. క్రేన్‌తో లేపి మా దగ్గరికి తెచ్చారు. బంపర్ కింది భాగం, ఒక మూల సెన్సర్ పోయాయి. ఆయన అడిగిన ప్రశ్న న్యాయమైనదే, "సెన్సర్లు ఇన్ని ఉండి గుంత కనబడలేదా?"

కనబడదు. సెన్సర్ ఎదురుగా ఏదైనా ఉంటే ప్రతిధ్వని వస్తుంది. గుంత అంటే ఏమీ లేకపోవడం. ప్రతిధ్వని రాకపోతే దానికి అర్థం "ఖాళీ". పైగా రోడ్డు అంచు ఎక్కడుందో అది ఎత్తుగా ఉన్న ఫుట్‌పాత్ గట్టు నుంచో, పక్క కార్ల వరస నుంచో అంచనా వేస్తుంది. గట్టు లేదు, పక్క కారు కాలువని ఆనుకుని ఉంది, కాబట్టి ఇది కూడా అంతే లోపలికి జరిగింది. బెజవాడలో, గుంటూరులో తెరిచి ఉన్న కాలువ పక్కన ఆటో పార్కింగ్ వాడొద్దు. కాలువ వైపు అద్దాన్ని కిందికి వంచి, వెనక చక్రం చూసుకుంటూ మనమే పెట్టుకోవాలి.

రెండోది ఆటోనగర్ చుట్టుపక్కల ఎప్పుడూ చూసేది. ట్రాలీ ఆటోలో ఇనుప ఊచలు వేసుకుని, అవి మీటరున్నర బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. సెన్సర్లు బంపర్ ఎత్తులో ఉంటాయి, వాటికి ఆటో వెనక భాగం కనబడుతుంది. ఊచలు అంతకంటే పైన, మన డిక్కీ అద్దం ఎత్తులో ఉంటాయి. స్క్రీన్ మీద ఇంకా మీటరు దూరం ఉందని పచ్చగానే ఉంటుంది. సన్నటి గొలుసు, సన్నటి ఇనుప స్తంభం, సైడ్ స్టాండ్ వేసిన బైకు హ్యాండిల్ కూడా ఇలాంటివే. వాటి నుంచి వచ్చే ప్రతిధ్వని చాలా చిన్నది, ఒక్కోసారి పక్కకి చెదిరిపోతుంది. దుప్పటి కప్పిన స్కూటర్ అయితే ఆ బట్ట శబ్దాన్ని సగం మింగేస్తుంది. నేలకి పది సెంటీమీటర్ల ఎత్తులో ఉండే చిన్న దిమ్మ దూరంగా ఉన్నప్పుడు కనబడి, దగ్గరికి వచ్చేసరికి సెన్సర్ చూపు కిందకి పోయి మాయమవుతుంది.

ఇంకో హద్దు కూడా ఉంది. రేకు శబ్దం వదిలాక కాసేపు తానే కంపిస్తూ ఉంటుంది, ఆ సమయంలో వినలేదు. అందుకే 15, 20 సెంటీమీటర్ల లోపల దానికి దూరం సరిగా తెలియదు. ముప్పై దగ్గర బీప్ ఆగకుండా మోగడం మొదలుపెట్టేది అందుకే. ఆ మోత మొదలయ్యాక ఇంకా కొంచెం పోవచ్చు అనుకోవద్దు.

360 కెమెరా వీటిలో చాలావాటిని చూపిస్తుంది, ఊచలు, కాలువ, గొలుసు అన్నీ మన కంటికి కనబడతాయి. కానీ పై నుంచి చూసినట్టు కనిపించే ఆ బొమ్మ నిజంగా పై నుంచి తీసింది కాదు. నాలుగు కెమెరాల బొమ్మల్ని నేల చదునుగా ఉందనుకుని అతికించింది. నేల మీద ఉన్నదాని దూరం సరిగా ఉంటుంది. ఎత్తున్నది ఏదైనా, పిల్లరైనా మనిషైనా, బయటికి వంగి సాగినట్టు కనబడుతుంది. బొమ్మల అతుకులు బండి నాలుగు మూలల్లో పడతాయి, అక్కడ చిన్నపిల్లాడు నిలబడితే సగం కనబడి సగం మాయమయ్యే అవకాశం ఉంది. మూలలు అద్దంలో చూసుకోండి, తల తిప్పి చూసుకోండి.

బంపర్‌కి దెబ్బ తగిలి పెయింట్ వేయించినవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. సెన్సర్ ముఖం మీద పెయింట్ మందంగా పడితే రేకు సరిగా కంపించదు. ఖాళీ రోడ్డు మీద కూడా ఊరికే బీప్ కొట్టడం, లేదా ఒకవైపు అసలు పలకకపోవడం దాని గుర్తు. విప్పి విడిగా, పల్చగా వేయించాలి. అలాగే పెద్ద అల్లాయ్ వీల్స్ కోసం టైరు సైజు మార్చేస్తే చక్రం చుట్టుకొలత మారి నడిచిన దూరం లెక్క తప్పుతుంది. అప్పటిదాకా మధ్యలో ఆగే బండి ప్రతిసారీ ఒకేలా ఒక పది సెంటీమీటర్లు తేడాగా ఆగుతుంటే అనుమానం అక్కడ పెట్టుకోవచ్చు.

మన పని

ఏ రకం తీసుకున్నా బాధ్యత డ్రైవర్‌దే. అంటే పక్కన కూర్చుని చూడటం కాదు, కాలు బ్రేక్ మీద తేలికగా పెట్టుకుని ఉండటం. స్టీరింగ్ తిరుగుతున్నప్పుడు చేతులు దాని పుల్లల మధ్య పెట్టొద్దు, వేగంగా తిరుగుతుంది, గాజులు, వాచీ తగులుకుంటాయి. పట్టుకుంటే సిస్టమ్ వదిలేసి మనకి ఇచ్చేస్తుంది, అది మనం వాడుకోవాల్సిన సదుపాయమే. ఏదైనా తేడా అనిపిస్తే బ్రేక్ తొక్కి, స్టీరింగ్ గట్టిగా పట్టుకుంటే చాలు. స్టీరింగ్ మాత్రమే తిప్పే రకంలో స్పీడు, బండిని బట్టి, గంటకు ఏడు నుంచి పది కిలోమీటర్లు దాటితే అది మధ్యలోనే మానుకుంటుంది. చక్రాలు సగం తిరిగి ఉన్న స్థితిలో బండి మన చేతికి వస్తుంది. కంగారుపడి యాక్సిలరేటర్ తొక్కేది అక్కడే. ఆగి, చక్రాలు ఎటు ఉన్నాయో చూసుకుని కదలాలి.

మొదలుపెట్టే ముందు స్క్రీన్ చూపించిన స్లాట్‌ని మన కళ్లతో ఒకసారి చూడాలి. అది గేటు ముందున్న ఖాళీ కావచ్చు, ఎవరి స్లాటో కావచ్చు, కాలువ కావచ్చు. బండికి కొలత మాత్రమే తెలుసు. రివర్స్ జరుగుతున్నంతసేపు వెనక చూడటం అలవాటే, ముందు మూల ఊగే వైపు చూడటం చాలామందికి అలవాటు లేదు. మా దగ్గరికి వచ్చే పార్కింగ్ గీతల్లో ముందు ఫెండర్ మీద పడినవి తక్కువేమీ కాదు. బండి ఆగాక గేర్ పార్క్‌లో పడిందా, చక్రాలు తిన్నగా ఉన్నాయా చూసుకుని దిగాలి.

రిమోట్‌లో కూడా మినహాయింపు లేదు. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధన 79 ప్రకారం, దాన్ని పాటించే దేశాల్లో, రిమోట్ పార్కింగ్ ఆరు మీటర్ల లోపు నుంచే పనిచేయాలి. అంటే మనిషి పక్కనే ఉండి చూడాలనే. ఎక్కడ నిలబడాలన్నది ముఖ్యం. బండి ముందు నిలబడితే వెనక కనబడదు. స్లాట్ పక్కన, పిల్లర్‌కి ఇవతల, బండి రెండు మూలలు కనబడేచోట నిలబడాలి. బండి పోయే దారిలో మాత్రం ఎప్పుడూ నిలబడొద్దు.

బాబాయ్ ఏం తీసుకున్నారు

ముందు నేను 360 కెమెరా వేరియంట్ వైపే ఉన్నాను. ఆయన బండి బాగా నడుపుతారు, గవర్నరుపేట సందుల్లో, బీసెంట్ రోడ్ చుట్టుపక్కల ఆటో పార్కింగ్ వాడే చోటు ఎలాగూ దొరకదు. అక్కడ ఖాళీల్లో బైకులు అడ్డదిడ్డంగా ఉంటాయి, గీతలు ఉండవు. చాలామందికి నేను ఇప్పటికీ చెప్పేది అదే. ముందు, వెనక సెన్సర్లు, మంచి 360 కెమెరా, అంతకు మించి అవసరం లేదు.

కానీ తలుపు దగ్గర లెక్క మారింది. 2.7 మీటర్ల స్లాట్‌లో 1.9 బండి సరిగ్గా మధ్యలో నిలబడితే అటు 40, ఇటు 40 సెంటీమీటర్లు. సిస్టమ్ మధ్యలోనే నిలబెడుతుంది, దానికి అదే సరైన పార్కింగ్. పిల్లర్ వైపు ఫర్వాలేదు, పిల్లర్ లోతు అరవై సెంటీమీటర్లే, దాని వెనక పక్కింటి కారు దాకా తలుపు తెరుచుకునే చోటు ఉంది. గోడ వైపు అలా కాదు. రివర్స్‌లో పెడితే డ్రైవర్ తలుపు సరిగ్గా లిఫ్ట్ గోడ వైపు వస్తుంది. బాబాయ్‌కి ఎడమ మోకాలు సరిగా వంగదు, నలభై సెంటీమీటర్ల సందులోంచి దిగడం ఆయన వల్ల కాదు. ముక్కు లోపలికి పెడితే డ్రైవర్ తలుపు పిల్లర్ వైపుకి వస్తుంది, దిగొచ్చు, కానీ పొద్దున్నే స్కూల్ ఆటోలూ పిల్లలూ తిరిగే వేళకి గుడ్డిగా వెనక్కి తీయాలి. అది ఆయనకి ఇష్టం లేదు. బయట దిగి, బండిని లోపలికి పంపే రిమోట్ ఆయన విషయంలో సోకు కాదు, అవసరం.

కొనేముందు టెస్ట్ డ్రైవ్ బండిని ఇంటికే తెప్పించమన్నాను. షోరూమ్ వెనక ఖాళీ స్థలంలో చూపించే ప్రదర్శన చూసి ఏమీ తెలియదు. మధ్యాహ్నం పన్నెండింటికి తెచ్చారు. ఎండలోంచి ర్యాంప్ దిగి సెల్లార్‌లోకి వచ్చాం. రెండుసార్లు స్లాట్ ముందు నుంచి పోనిచ్చినా స్క్రీన్ మీద ఏమీ రాలేదు. వచ్చిన అబ్బాయి ఇబ్బందిపడి "సార్, వెలుతురు తక్కువ కదా" అన్నాడు. వెలుతురు ఒక కారణం కావచ్చు, కానీ నేను నేల వైపు చూశాను. సిమెంటు దుమ్ములో పాత గీతలు ఎక్కడా కనబడటం లేదు, పక్కింటి కారు ఆఫీసుకి వెళ్లిపోయింది. కెమెరాకి గీత లేదు, సెన్సర్‌కి పక్క కారు లేదు. సాయంత్రం ఏడింటికి పక్కింటాయన వచ్చి పెట్టుకున్నాక మళ్లీ ప్రయత్నిస్తే మొదటిసారే స్లాట్ వచ్చింది. వెనక్కి, ముందుకి, వెనక్కి, ముందుకి, చివరికి తిన్నగా లోపలికి. మూడో కదలికలో ముందు మూల అవతలి వరస స్కూటర్‌కి జానెడు దూరంలో ఆగింది. స్కూటర్ హ్యాండిల్ దానికి కనబడిందో, దాని చక్రం కనబడిందో చెప్పలేను, బాబాయ్ మాత్రం అప్పటికే వేలు తీసేశారు. వేలు తీస్తే బండి ఆగిపోతుంది, రిమోట్‌లో మన బ్రేక్ అదే.

ఆయన పై వేరియంటే తీసుకున్నారు. బండి రాకముందే స్లాట్ కడిగించి, గోడ వైపు, పిల్లర్ వైపు నాలుగు వేళ్ల వెడల్పున తెల్ల పెయింట్‌తో గీతలు గీయించారు. ఇప్పుడు పక్కింటి కారు లేనప్పుడు కూడా స్లాట్ దొరుకుతోంది. అవతలి వరసలో స్కూటర్లు పెట్టేవాళ్లతో మాట్లాడి, వాచ్‌మన్ చేత వాటిని ఒక అడుగు వెనక్కి జరిపించారు. దాంతో రెండు కదలికలు తగ్గాయి. కారు దిగి తాళం పట్టుకుని పిల్లర్‌కి ఇవతల నిలబడతారు, బండి లోపలికి పోయి లైట్లు ఆరేదాకా అక్కడి నుంచి కదలరు.